పుండు ఫోటోకు ఏ భాషలో సమ్మతి?

ఆసుపత్రిలో చేరిన రోజున మన చేత సంతకం చేయించుకునే కాగితాలలో, ఏ రాష్ట్రమైనా, ఏ భాషైనా, సాధారణంగా ఒక వాక్యం కనిపిస్తుంది. దాని భావం ఇది: నా గుర్తింపు వెల్లడి కానంతవరకు, వైద్య, శాస్త్రీయ, విద్యా ప్రయోజనాల నిమిత్తం నా శరీరానికి ఫోటోలు తీయడానికీ, వాటిని వాడుకోవడానికీ సమ్మతిస్తున్నాను. శస్త్రచికిత్సకు సమ్మతి, మత్తుమందుకు సమ్మతి, రక్తం ఎక్కించడానికి సమ్మతి, బిల్లు చెల్లిస్తామన్న హామీ, వీటి నడుమ ఈ వాక్యం ఒదిగి ఉంటుంది. కింద సంతకం మాత్రం ఒక్కటే. సరిహద్దు జిల్లాలలో ఉన్న మనవాళ్లు ఆ సంతకాన్ని తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో ఉన్న కాగితం మీద చేస్తారు. ఈ నెల ఆ ఒక్క వాక్యం గురించే పాఠకులతో మాట్లాడదలచాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. పుండును ఫోటో తీయడం తప్పు కాదు. చక్కెర వ్యాధి వల్ల కాలికి పట్టిన పుండు నెలల తరబడి మానదు. కట్టు విప్పిన ప్రతిసారీ అదే డాక్టరు ఉండడు, అదే నర్సు ఉండదు. పోయిన వారం కంటే ఈ వారం తగ్గిందా, అంచులు దగ్గరికి వచ్చాయా, నల్లబడిన కండ పెరిగిందా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పలేరు. అందుకే పుండు పక్కన సెంటీమీటర్ల కొలబద్ద పెట్టి, తేదీ రాసిన చీటీ ఉంచి, ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరం నుంచి ఫోటో తీస్తారు. అది రోగి మేలుకే. అదే ఫోటోను రేపు డాక్టరు కాబోయేవారికి చూపిస్తే, మరొకరి కాలు నిలబడవచ్చు. అదీ మంచి పనే. అయితే మొదటిది నా వైద్యం, రెండవది ఇతరుల చదువు. ఒకదానికి ఇచ్చిన ఒప్పుదల రెండవదానికి తనంతట తాను వర్తించదు. ఆ వాక్యంలోని లోపం ఈ రెంటినీ ఒకే ముడి వేయడమే.

ఆ ముడి వల్ల ఏమవుతుందో చెప్పడానికి నా వద్దకు వచ్చిన ఒక వ్యవహారం చాలు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలు లేకుండా చెప్పడమెలాగన్నదే ఇక్కడి విషయం గనుక, ఆ నియమం ముందు నేనే పాటించాలి. తమిళనాడు సరిహద్దు తాలూకాలో మగ్గం నేసే కుటుంబానికి చెందిన యాభై ఏళ్లు దాటిన ఇల్లాలు కాలి పుండుతో ఒక బోధనాసుపత్రిలో చేరింది. ఇంట్లో తెలుగే. సంతలో తమిళం మాట్లాడుతుంది గాని చదవలేదు. చేరిన రోజు జ్వరంతో ఉండగా వేలిముద్ర వేసింది. ఒక వేలు తీసివేశారు, పుండు మానింది, ఇంటికి వచ్చింది. వైద్యం విషయంలో ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు, డాక్టర్లను దీవిస్తుంది.

కొన్ని నెలల తరువాత, నర్సింగు చదివే ఆమె ఆడపడుచు కూతురు సెలవులకు వచ్చి, "అత్తా, మా క్లాసులో చూపించింది నీ కాలే గదా?" అని అడిగింది. తెర మీద వేసిన ఫోటోలో ముఖం లేదు, పేరు లేదు. అయితే చీలమండ పైన తేలు బొమ్మ పచ్చబొట్టు ఉంది, మిగిలిన వేళ్లలో ఒకదానికి మెట్టె ఉంది, కింద వయసు, తాలూకా, వృత్తి రాసి ఉన్నాయి. ఆ తాలూకాలో ఆ వయసున్న, ఆ పచ్చబొట్టున్న నేతపని ఆడవాళ్లు ఎందరుంటారు? వేలు తీసేసిన సంగతి ఆమె అప్పటిదాకా పుట్టింటివారికి కూడా చెప్పలేదు. నాతో ఆమె అన్న మాట ఇది: "చూపించకూడదని కాదయ్యా. నన్నడిగి ఉంటే చూపించమనే చెప్పేదాన్ని. పచ్చబొట్టు మీద ఒక గుడ్డ కప్పమనేదాన్ని, అంతే."

న్యాయశాస్త్రంలో సమ్మతి గురించి నేను చదివినదంతా ఆ రెండు మాటలలో ఉంది. ఆసుపత్రి నుంచి తెప్పించిన కాగితంలో ఫోటో ప్రస్తావన తొమ్మిదవ అంశంగా ఉంది, తమిళంలో, ఒకే వాక్యంలో. అందులో అబద్ధం లేదు. కానీ దేనికి ఒప్పుకుంటున్నదో ఆమెకు చెప్పినదీ లేదు. ఉత్తరం రాశాక ఆసుపత్రివారు వాదించకుండా ఆ ఫోటోను పాఠం నుంచి తీసివేశారు, కాగితాన్నీ మార్చారు. ఆ మార్పు ఎలా ఉండాలన్న చర్చలో తేలిన సంగతులనే ఇక్కడ పంచుకుంటున్నాను.

మొదటి సంగతి, ఒక్క వాక్యాన్ని మూడుగా విడదీయాలి. ఫోటో మూడు చోట్లకు పోవచ్చు. రోగి కేసు కాగితాలలోకి, ఆసుపత్రి తరగతి గదిలోకి, పుస్తకం, వైద్య పత్రిక, ఇంటర్నెట్ వంటి బహిరంగ స్థలంలోకి. మొదటి చోట చూసేవారు పది మంది. రెండవ చోట వందల మంది, ఏటేటా కొత్తవారు. మూడవ చోట ఎంతమందో ఎవరూ చెప్పలేరు. ఒక్కొక్క దానికి విడిగా "ఒప్పుకుంటున్నాను", "ఒప్పుకోను" అని రెండు గడులు ఉండాలి. ఒప్పుకోనన్న గడి కూడా ఒప్పుకుంటున్నానన్న గడి అంత పెద్దదిగా, దాని పక్కనే ఉండాలి. మొదటిదానికి సరేనని, రెండవదానికి సరేనని, మూడవదానికి వద్దనే హక్కు రోగికి ఉన్నదని కాగితం చూడగానే తెలియాలి.

రెండవ సంగతి మాటల ఎంపిక. కొన్ని ఆసుపత్రులలో తెలుగు కాగితం కూడా ఉంటుంది. దానిలోని భాష ఇలా సాగుతుంది: "బోధనా ప్రయోజనముల నిమిత్తము నా వ్రణ ఛాయాచిత్రములను ఉపయోగించుటకు, నా గుర్తింపు గోప్యముగా ఉంచబడునను షరతుపై సమ్మతించడమైనది." ఇందులో ప్రతి మాటా తెలుగు నిఘంటువులో ఉంది. మంచం మీద ఉన్న మనిషికి మాత్రం ఒక్కటీ అందదు. వ్రణం అన్న మాట ఆమె ఎన్నడూ వినలేదు. గాయం అంటే దెబ్బ తగిలితే అయ్యేదని ఆమెకు తెలుసు, తన కాలికున్నది పుండు. కాబట్టి గాయం ఫోటో అన్నా, అది తన సంగతి కాదనే అనుకోవచ్చు. గుర్తింపు అనగానే గుర్తింపు కార్డు మనసులోకి వస్తుంది, ఆ కార్డు ఎవరికీ చూపించరని అర్థం చేసుకుంటుంది. విద్యా ప్రయోజనం అంటే బడిపిల్లలకు ఏదో మేలని తోస్తుంది. తెలుగులో ఉన్నంత మాత్రాన కాగితం మన భాషలో ఉన్నట్టు కాదు. మన ఉద్యమం తెలుగు కాగితం కావాలని అడిగేటప్పుడు ఈ తేడాను మరువకూడదు.

ఆ మాటలను ఇంట్లో పలికే మాటలలోకి మార్చితే కాగితం ఇలా ఉంటుంది.

"ఒకటి. నా కాలి పుండును ఫోటో తీస్తారు. అది మానుతున్నదో లేదో చూసుకోవడానికి ఆ ఫోటోను నా కేసు కాగితాలతో ఉంచుతారు. నాకు వైద్యం చేసేవాళ్లే చూస్తారు.

రెండు. అదే ఫోటోను ఈ ఆసుపత్రిలో డాక్టరు చదువు, నర్సు చదువు చదివేవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు చూపిస్తారు. నా పేరు, ముఖం, ఊరు, చేసే పని చూపించరు. పచ్చబొట్టు, మెట్టెలు, పాత మచ్చ వంటివి ఉంటే కప్పి తీస్తారు. అయినా నన్ను బాగా తెలిసినవాళ్లు గుర్తుపట్టవచ్చునని నాకు చెప్పారు.

మూడు. అదే ఫోటోను పుస్తకంలోగాని, పత్రికలోగాని, ఇంటర్నెట్లోగాని అచ్చు వేస్తారు. ఒకసారి అచ్చయితే దాన్ని వెనక్కి తీసుకోలేరని నాకు చెప్పారు. అచ్చు వేసే ముందు ఆ ఫోటోను నాకు చూపిస్తారు.

రెండుకు గాని, మూడుకు గాని నేను వద్దంటే నా వైద్యం ఆగదు, తగ్గదు, ఖర్చు పెరగదు. ఇప్పుడు సరేనన్నా తరువాత వద్దనవచ్చు. ఎవరికి చెప్పాలో వాళ్ల పేరు, ఫోను నంబరు కింద ఉన్నాయి."

ఈ మాటలలో రెండు చోట్ల పాఠకులు ఆగి చూడాలని మనవి. మొదటిది, గుర్తుపట్టవచ్చునని ఒప్పుకున్న వాక్యం. ఆసుపత్రులకు ఇది రుచించదు. ఎవరూ గుర్తుపట్టరని హామీ ఇవ్వడమే వారికి సులువు. కానీ ఆ హామీ ఎవరూ నిలుపుకోలేనిది. కళ్ల మీద నల్లపట్టీ వేస్తే చాలదని అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల సమితి తన మార్గదర్శకాలలో చెప్పింది. ముఖం లేని ఫోటోలో కూడా పచ్చబొట్టు, మచ్చ, నగ, లేని వేలు మనిషిని పట్టిస్తాయి. ఫోటోలో ఏమీ లేకున్నా కింద రాసిన వయసు, ఊరు, వృత్తి పట్టిస్తాయి. కంప్యూటరులో ఆ ఫోటోకు పెట్టిన పేరులో రోగి పేరో, ఇన్‌పేషెంటు నంబరో ఉంటే అదీ పట్టిస్తుంది. నిలుపుకోలేని మాట ఇచ్చి తీసుకున్న సమ్మతి కంటే, పరిమితి చెప్పి తీసుకున్న సమ్మతి గట్టిది.

రెండవది, వెనక్కి తీసుకోవడం. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చునని మాత్రమే రాస్తే అది సగం నిజం. పాఠంలో ఉన్న ఫోటోను తీసివేయగలరు. అచ్చయిన పుస్తకంలోని ఫోటోను తీయలేరు. కేసు కాగితాలలోని ఫోటోను తీయకూడదు కూడా, ఎందుకంటే అది వైద్య రికార్డులో భాగం. ఆసుపత్రిలో చేర్చుకున్న రోగుల రికార్డులను చికిత్స ప్రారంభమైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలని భారత వైద్య మండలి 2002 నాటి నియమావళి డాక్టర్లను ఆదేశిస్తున్నది. రేపు వైద్యంపై వివాదం వస్తే ఆ ఫోటోయే రోగికి సాక్ష్యం. కాబట్టి ఏది పోతుంది, ఏది మిగులుతుంది అన్నది ముందే చెప్పాలి.

ఇక చట్టం మాట. 2002 నియమావళిలోనే, గుర్తుపట్టే విధంగా రోగి ఫోటోను అతని అనుమతి లేకుండా వైద్య పత్రికలలో గాని, ఇతర పత్రికలలో గాని ప్రచురించరాదని ఉంది. అదే నిబంధన, గుర్తింపు బయటపడని పక్షంలో అనుమతి అవసరం లేదని కూడా అంటున్నది. ఇక్కడే రెండు ఖాళీలు ఉన్నాయి. ఆ నిబంధన ప్రచురణ గురించి మాట్లాడుతుంది గాని తరగతి గది గురించి, డాక్టరు జేబులోని ఫోను గురించి ఏమీ అనదు. గుర్తింపు బయటపడుతుందా లేదా అన్న నిర్ణయం తీసేవాడి చేతిలోనే ఉంటుంది. తేలు పచ్చబొట్టు తమిళ డాక్టరుకు ఏమీ చెప్పదు, ఆడపడుచు కూతురికి అంతా చెబుతుంది. ఈ నియమావళి స్థానంలో 2023 ఆగస్టులో కొత్త నియమాలు వచ్చినా, అదే నెలలో వాటిని నిలిపివేశారు. పాతవే కొనసాగుతున్నాయి.

సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు, ఒక ప్రక్రియకు ఇచ్చిన సమ్మతి వేరొక ప్రక్రియకు సమ్మతి కాజాలదని తేల్చింది. అది శస్త్రచికిత్స విషయంలో వచ్చిన తీర్పు. అయినా పుండుకు కట్టు కట్టడానికి ఇచ్చిన సమ్మతిని ఫోటోకు సాగదీయరాదన్న వాదానికి అది బలమైన ఆధారం. బోధనాసుపత్రిలో చేరడమే బోధనకు సమ్మతి అన్న మాట కొందరు అంటూ ఉంటారు. ఆ మాటకు ఈ తీర్పు తరువాత నిలబడే చోటు కనిపించదు.

మన కుటుంబాలకు అన్నిటికంటే దగ్గరైన చట్టం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి, షరతు లేకుండా, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలని 6వ సెక్షను చెబుతున్నది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో, వెనక్కి తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలని అంటున్నది. అంతకంటే ముఖ్యంగా, సమ్మతి కోరే కాగితాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని ఏ భాషలో గాని చూసుకునే అవకాశం ఇవ్వాలని చెబుతున్నది. తెలుగు 8వ షెడ్యూలు భాష. ఈ హక్కు ఏ రాష్ట్రంలో ఉన్నామన్నదాని మీద గాని, ఆ తాలూకాలో తెలుగువారు నూటికి ఎందరన్నదాని మీద గాని ఆధారపడదు. 1956 నాటి భాషా అల్పసంఖ్యాకుల రక్షణల కింద ముఖ్యమైన ప్రకటనలను మన భాషలో కోరాలంటే నూటికి 15 మంది ఉన్నామని లెక్క చూపవలసి వచ్చేది. ఇక్కడ ఒక్క రోగి ఉన్నా చాలు.

దీనికీ హద్దులున్నాయి. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఆ ప్రకటన ప్రకారం సమ్మతికి సంబంధించిన సెక్షన్లు 18 నెలలకు, అంటే 2027 మే నాటికి అమలులోకి వస్తాయి. పైగా అది మనిషిని గుర్తించగలిగే డిజిటల్ సమాచారానికే వర్తిస్తుంది. ఫోటోలోని మనిషి ఎవరో తెలియదని ఆసుపత్రి వాదిస్తే, పచ్చబొట్టు చర్చ మళ్లీ మొదలవుతుంది. అందుకే చట్టం ఉన్నదని ఊరుకోకుండా కాగితంలోని మాటలను సరిచేయించుకోవడం మన పని అవుతున్నది.

చివరి సంగతి మనకు మనమే చెప్పుకోవలసినది. తెలుగు లిపిలో కాగితం అచ్చు వేయిస్తే పని పూర్తయిందనుకోవద్దు. సరిహద్దు జిల్లాలలో ఇంట తెలుగు మాట్లాడి, తెలుగు చదవలేనివారు చాలామంది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత బడిలో తెలుగు మరింత వెనుకబడింది. ఆ ఇల్లాలికి తమిళ కాగితమూ, తెలుగు కాగితమూ ఒక్కటే, రెండూ చదవలేదు. ఆమెకు కావలసింది చదివి వినిపించే తెలుగు గొంతు. కాబట్టి కాగితం చివర మరో వాక్యం ఉండి తీరాలి: "ఈ కాగితాన్ని నాకు ఫలానా భాషలో చదివి వినిపించారు, చదివినవారి పేరు ఇది." ఆ చదివేవారు ఫోటో తీసేవారు కాకూడదు. వేలిముద్ర వేసే రోగి పక్కన చదువు వచ్చిన, ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఉండాలి. పరిశోధనల విషయంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చదువురానివారికి ఇటువంటి నిష్పాక్షిక సాక్షిని కోరుతున్నాయి. బోధన పరిశోధన కాదు గనుక ఆ నిబంధన నేరుగా వర్తించదు, కానీ ఆ పద్ధతిని అడగడానికి అడ్డేమీ లేదు.

చదివి వినిపించారో, విన్నట్టు రాసుకున్నారో తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రోగిని మూడు ప్రశ్నలు అడగాలి. ఈ ఫోటో ఎవరు చూస్తారు? ఎక్కడ చూస్తారు? వద్దంటే నీకేమవుతుంది? ఆమె తన మాటలలో జవాబు చెప్పగలిగితే అది సమ్మతి. చెప్పలేకపోతే కింద వేలిముద్ర ఉన్నా అది సమ్మతి కాదు. ఈ ప్రశ్నలు చేరిన రోజు గందరగోళంలో కాక, జ్వరం తగ్గి, కట్టు మార్చే రోజున అడగాలి. ప్రమాదంలో స్పృహ లేకుండా వచ్చినవారికి వైద్యం కోసం ఫోటో తీయవచ్చు. పాఠానికి చూపించే సంగతి వారు కోలుకుని, తామే జవాబు చెప్పగలిగే దాకా ఆగాలి.

మీ ఇంట్లో ఎవరైనా పుండుకో, కాలిన గాయానికో ఆసుపత్రిలో ఉంటే, సంతకం చేసిన కాగితాల నకలు అడగండి. రోగి అడిగిన 72 గంటలలో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నియమావళి చెబుతున్నది. అందులో ఫోటో వాక్యం ఎన్నవ అంశంగా ఉందో, ఏ భాషలో ఉందో, వద్దనే గడి ఉందో లేదో చూడండి. రోగి పేరు కొట్టివేసి ఆ వాక్యాన్ని మాత్రం మా కార్యాలయానికి రాసి పంపండి. అయిదు రాష్ట్రాలలోని ఆసుపత్రుల వాక్యాలను పక్కపక్కన పెట్టి, పైన ఇచ్చిన నమూనాను ఒడియా ప్రాంతపు తెలుగుకు, బళ్లారి తెలుగుకు, హోసూరు తెలుగుకు తగినట్టు సవరించి, ఆయా జిల్లా ఆసుపత్రుల అధికారులకు సమర్పిస్తాము. పుండును మీ ఊరిలో ఏమంటారో, పాఠం చెప్పడాన్ని ఏమంటారో కూడా రాయండి. ఆ కాగితంలో ఉండవలసినవి మీ మాటలే.